చేయి ఎత్తే పద్ధతి

డ్రిల్లు మాస్టారి ఎడమచేతికి ఉన్న పేరు ఆయనకి కూడా లేదు. వాచీలు చేసే ఆ కంపెనీలో సగం మంది ఆయన మొహం గుర్తుపట్టరు గానీ, ఆ చేయి చూపిస్తే చాలు, ఎవరిదో చెప్పేస్తారు. వాచీ డబ్బాలో మడిచి పెట్టే కాగితం మీద నాలుగు బొమ్మలుంటాయి. మొదటి బొమ్మలో చేయి పక్కన వేలాడుతూ ఉంటుంది, రెండో దాంట్లో మోచేయి వంగుతుంది, మూడో దాంట్లో మణికట్టు తిరుగుతుంది, నాలుగో దాంట్లో ఛాతీ ముందు కదలకుండా ఆగుతుంది. స్క్రీను వెలగాలంటే ఇలా ఎత్తండి అని కింద రాసి ఉంటుంది. ఆ నాలుగు బొమ్మల్లో ఉన్నదీ మాస్టారి చేయే.

ఇరవయ్యేడేళ్ళు బడిలో డ్రిల్లు నేర్పిన మనిషి. పిల్లలకి ఆటస్థలం ఎక్కువైందని బడివాళ్ళు అందులో కొత్త గదులు కట్టుకున్నారు, డ్రిల్లు ఎత్తేశారు, మాస్టారిని ఇంటికి పంపారు. యాభై రెండేళ్ళ వయసులో ఆయనకి ఈ ఉద్యోగం దొరికింది. చేయి ఎత్తడం, దించడం, మళ్ళీ ఎత్తడం. దానికి నెలనెలా జీతమా అని పక్కింటివాళ్ళు నవ్వారు. మాస్టారు నవ్వలేదు. ఎత్తడం రాని లోకంలో ఎత్తడం వచ్చినవాడికి ఆ మాత్రం గౌరవం ఉండాల్సిందే అని ఆయన లెక్క.

పని జరిగేది మూడో అంతస్తులో ఒక పొడుగాటి గదిలో. ఒక పక్క సోఫా, ఒక పక్క మంచం, బల్లకి బిగించిన కారు స్టీరింగు, మూలన నడక మిషను. బయటినుంచి మనుషుల్ని పిలిపిస్తారు. వాళ్ళ మణికట్టుకి వాచీ కడతారు. కుయ్యిమని చప్పుడైనప్పుడల్లా టైము చూసుకోవాలి. వాచీలో ఉన్న సెన్సారు చేయి ఎటు వంగింది, ఎంత వేగంగా తిరిగింది, ఎక్కడ ఆగింది అన్నది అంకెలుగా రాసుకుంటుంది. ఎదురుగా కెమెరా వీడియో తీస్తుంది. తర్వాత అదే మనిషిని మంచం మీద దొర్లమంటారు, తల దువ్వుకోమంటారు, చప్పట్లు కొట్టమంటారు, స్టీరింగు తిప్పమంటారు. అవి టైము చూడని కదలికలు. ఎప్పుడు వెలగాలో, ఎప్పుడు వెలగకూడదో వాచీకి ఈ రెండు కుప్పల్నించే నేర్పుతారు.

మనుషుల్ని కూర్చోబెట్టడం, రికార్డింగులు చూసి ఒక్కోదానికీ గుర్తు పెట్టడం మాస్టారి బాధ్యత. బాగుంటే ‘సరే’. లేకపోతే ‘పనికిరాదు’. ఆ గుర్తులు పెట్టమని ఆయనకి చెప్పింది ఇంజినీరమ్మాయి. చేయి జారిపోయినవీ, చప్పుడు వినక ఊరుకున్నవీ తీసేయమని ఆ అమ్మాయి ఉద్దేశం. మాస్టారికి అర్థమైంది వేరు. మోచేయి సగం వంచినవాళ్ళు, బద్ధకంగా ఎత్తినవాళ్ళు, చేయి ఎత్తకుండా మెడ వంచి చూసినవాళ్ళు, అందరూ ‘పనికిరాదు’లోకి పోయారు. కుప్ప తగ్గినప్పుడల్లా ఆయనే కుర్చీలో కూర్చుని తన చేత్తో నింపేవాడు. రోజుకి ఆరువందల సార్లు. ఆరువందలూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండేవి.

ఒక మధ్యాహ్నం మాస్టారి భార్య కూడా ఆ కుర్చీలో కూర్చుంది. ఆవిడ రొట్టెల బట్టీలో పని చేసేది. తెల్లవారకముందే పోయి పిండి కలిపి, ట్రేలు పొయ్యిలోకి ఎక్కించి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చేది. ఆ రోజు పిలిచిన మనిషి రాలేదని మాస్టారు ఫోను చేస్తే, బట్టీనుంచి తిన్నగా వచ్చేసింది. యాభై సార్లు టైము చూసింది. మాస్టారు కెమెరా వెనక నిలబడి అలా కాదు అన్నాడు, మళ్ళీ అన్నాడు. సాయంత్రం ఆ యాభైకీ ఒకే గుర్తు పెట్టాడు. ఇంటికెళ్ళాక ఆ ముక్క ఆవిడతో చెప్పలేదు. చెప్పేంత విషయమని ఆయనకి తోచలేదు.

మొదట్లో వచ్చిన వాచీ మరీ చలాకీది. నిద్రలో పక్కకి తిరిగితే వెలిగేది, కబుర్లు చెబుతూ చేతులు ఊపితే వెలిగేది, సినిమా హాల్లో కాలు గోక్కుంటే వెలిగేది. రోజుకి నలభై సార్లు అనవసరంగా వెలిగి, సాయంత్రానికి బ్యాటరీ చతికిలబడేది. కొన్నవాళ్ళు తిట్టిపోశారు. ఇంజినీరమ్మాయికి తలప్రాణం తోకకొచ్చింది. ఇక బిగించక తప్పదంది. చేయి కిందినుంచి మొదలవ్వాలి, ఇంత కోణం తిరగాలి, ఒక సెకను లోపల పైకి రావాలి, వచ్చి అరసెకను నిలకడగా ఉండాలి, అప్పుడే వెలగాలి. ఎంత బిగించాలో ‘సరే’ కుప్ప చూసి తేల్చింది. తేల్చినది సరైందో కాదో కూడా ‘సరే’ కుప్పలోంచే కొన్ని తీసి పరీక్షించింది. నూటికి తొంభైతొమ్మిది సార్లు వెలిగింది. అనవసరంగా వెలగడం నలభై నుంచి మూడుకి పడింది. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. చప్పట్లకి కూడా వాచీలు వెలగలేదని మాస్టారు అందరికీ చూపించాడు.

నేర్పినదీ ఆయన చేతితోనే, పరీక్షించినదీ ఆయన చేతితోనే అన్న సంగతి ఆ సంబరంలో ఎవరికీ తట్టలేదు.

ఆ కొత్త వాచీ ఒకటి మాస్టారు భార్యకి తెచ్చాడు. పెళ్ళైన కొత్తలో కొనుక్కున్న కీ వాచీ ఆవిడ చేతికి ఇంకా ఉండేది. దాన్ని తనే విప్పి బీరువాలో పెట్టి, కొత్తది కట్టాడు. ఆవిడ మురిసిపోయింది. బట్టీలో అందరికీ చూపించింది. బట్టీ యజమానికి రెండుసార్లు చూపించింది.

చిక్కు వారంలోపే మొదలైంది. బట్టీ వెనకగదిలో గోడ గడియారం లేదు, ఉన్నది ముందు కొట్లో. పొయ్యిలో నాలుగు ట్రేలుంటే నాలుగింటికీ నాలుగు టైములు. ఒకటి ఎక్కిన తొమ్మిది నిమిషాలకి ఇంకొకటి దిగాలి. ఆవిడ వాటిని బుర్రలో పెట్టుకుని, పిండి పిసుకుతూ పిసుకుతూ ఓరగా వాచీ చూసుకునేది. కీ వాచీ అయితే ఎప్పుడు చూసినా టైము చెప్పేది. ఇది నల్లగా ఉండిపోయేది. రెండు చేతులూ పిండిలో ఉంటాయి, వేలితో నొక్కే వీలు లేదు. ఏం చేస్తుంది పాపం, ముక్కుతో పొడవడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చేసరికి ముక్కు మీద పిండి, వాచీ మీద పిండి.

అది చూసి నవ్వుకుని ఊరుకుంటే సరిపోయేది. మాస్టారికి చిన్నతనం అనిపించింది. వాచీలో లోపమేమీ లేదు, నీ ఎత్తడంలోనే ఉంది అన్నాడు. కూరలు తరిగే బల్ల ముందు ఆవిడని నిలబెట్టి పాఠం చెప్పాడు. చేయి పూర్తిగా దించు. ఇప్పుడు చురుగ్గా ఎత్తు. తిప్పు. ఆగు. వెలిగిందా? వెలిగింది. చూశావా మరి.

“పిండిలోంచి చేయి తీసి, కిందకి దించి, మళ్ళీ ఎత్తాలాండీ?” అని అడిగింది ఆవిడ. “నాకు టైము చూసుకోవడానికి అంత టైము ఎక్కడిది?”

“ఒక్క సెకను పని. దానికి కూడా బద్ధకమైతే నేనేం చెయ్యను?” అన్నాడు మాస్టారు.

పద్దెనిమిదేళ్ళుగా తెల్లవారుజామున లేచి రొట్టెలు కాల్చిన మనిషిని పట్టుకుని బద్ధకం అన్నాడు. ఆవిడ మర్నాటి నుంచి పద్ధతిగా ఎత్తడం మొదలుపెట్టింది. మాస్టారు రోజూ సాయంత్రం అడిగేవాడు, ఇవాళ ఎన్నిసార్లు వెలగలేదని. రెండు అనేది. ఒకటి అనేది. ఇరవై రోజులకి ఒక్కసారీ తప్పలేదు అంది. మాస్టారు ఆ మాట ఆఫీసులో పదిమందికి చెప్పుకున్నాడు.

ఆ పక్క వారమే జరిగింది ఆ ప్రమాదం. పొయ్యి తలుపు తెరిచి ఉంది. కాలిన ట్రే ఒకటి ఆవిడ అప్పుడే బయటికి లాగి, నడుం ఎత్తున ఉన్న చట్రం మీద పెట్టింది. లోపల ఉన్న మిగతా వాటికి టైమైందో లేదో చూడాలి. పక్కకి తిరిగి, చేయి పూర్తిగా దించింది. చురుగ్గా ఎత్తింది. ఎత్తే దారిలో కాలుతున్న ట్రే అంచు ఉంది. మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం దానికి అంటుకుని వచ్చింది. పాత పద్ధతిలో అయితే ఆ చేయి దించేదే కాదు, ఉన్నచోటే కాస్త తిప్పి ఓరగా చూసి ఊరుకునేది.

మాస్టారు ఆసుపత్రికి పరుగెత్తేసరికి కట్టు కట్టేశారు. నర్సు వాచీని ఒక సంచిలో వేసి ఇచ్చింది. ఎలా జరిగిందని ఆయన అడిగాడు. ఆవిడ తప్పు తనదే అన్నట్టు చెప్పింది, ట్రే అక్కడ పెట్టడం తనదే పొరపాటంది. చివర్లో నవ్వబోయి, “వాచీ మాత్రం వెలిగిందండీ. ఆరూ నలభై రెండు” అంది.

ఆవిడ ఎత్తిపొడిచి ఉంటే తట్టుకునేవాడు. ఆవిడ నిజంగానే ఆయన సంతోషిస్తాడనుకుని చెప్పింది.

మర్నాడు మాస్టారు మూడో అంతస్తుకి పోయి కుర్చీలో కూర్చోలేదు. ఇంజినీరమ్మాయి బల్ల దగ్గర నిలబడ్డాడు. ‘పనికిరాదు’ అని గుర్తు పెట్టినవన్నీ ఏమయ్యాయి, చెరిపేశారా అని అడిగాడు. ఆ అమ్మాయి ఏదీ చెరపదట. ఒక మూలన పడి ఉన్నాయంది. నాలుగు వేలకి పైగా ఉన్నాయని చూసి తనే ఉలిక్కిపడింది. ఇన్ని ఎందుకు తీసేశారని అడగలేదు. మాస్టారి మొహం చూసి అడగబుద్ధి కాలేదు కాబోలు.

“మా ఆవిడవి తియ్యమ్మా” అన్నాడు.

తీసింది. వీడియోలో రెండేళ్ళ కిందటి మనిషి. అప్పటికి జుట్టు ఇంకాస్త నల్లగా ఉంది, బట్టీనుంచి తిన్నగా వచ్చిందేమో చెవి దగ్గర పిండి మరక ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చప్పుడైంది. ఎడమ మణికట్టు కొంచెం, ఒక తాళంచెవి తిప్పినంత, తనవైపు తిరిగింది. తల ఓరగా వంగింది. అంతే. మళ్ళీ చేయి మామూలుగా అయిపోయింది. కెమెరా వెనకనుంచి మాస్టారి గొంతు వినిపించింది.

“అలా కాదు. మళ్ళీ.”

మళ్ళీ చప్పుడు. మళ్ళీ అదే చిన్న తిప్పు. “అలా కాదు. మళ్ళీ.” యాభై సార్లు. ముప్పయ్యోసారికి ఆవిడ మొహంలో నవ్వు పోయింది. నలభయ్యోసారికి టైము చూసి, కెమెరా వెనక ఉన్న ఆయన మొహం కూడా చూడటం మొదలుపెట్టింది, ఈసారైనా సరిగ్గా వచ్చిందా అని. మాస్టారు అప్పుడు కాగితం మీద లెక్క రాసుకుంటూ తల వంచుకుని ఉండి ఉంటాడు. ఆవిడ అలా చూసినట్టు ఆయనకి ఇవాళ్టిదాకా తెలియదు.

ఇంజినీరమ్మాయి వీడియో పక్కన అంకెల గీతలు పెట్టి, ముందుకీ వెనక్కీ జరిపి చాలాసేపు చూసింది. చూసి నెమ్మదిగా అంది.

“మాస్టారూ, ఆంటీ యాభై సార్లూ టైము చూశారు. ఒక్కసారీ తప్పలేదు. మనకి కావలసింది అదే కదా.”

తన తప్పూ ఉందని ఆ అమ్మాయి తర్వాత చాలా చెప్పింది. ఒకే చేతి మీద నేర్పి ఒకే చేతి మీద పరీక్షించడం ఎంత తెలివితక్కువో, ఎత్తిన తీరు కాకుండా చూసిన చూపుని గుర్తు పెట్టమని ముందే చెప్పాల్సిందని. ఆయన చెవిన పడలేదు. వీడియోలోని తన గొంతే ఇంకా వినిపిస్తూ ఉంది.

రెండు నెలలు పట్టింది. నాలుగు వేల వీడియోలూ మాస్టారే కూర్చుని మళ్ళీ చూశాడు. ఈసారి చేతులు చూడలేదు, కళ్ళు చూశాడు. కళ్ళు వాచీ మీద పడితే ‘సరే’. మెడ పట్టేసిన ముసలాయన ఉన్నాడు, మూడు సెకన్లకి గానీ చేయి లేవదు. చంకలో బిడ్డని ఎత్తుకున్న తల్లి ఉంది, ఆవిడ చేయి ఎప్పుడూ పైనే ఉంటుంది, కిందినుంచి మొదలవ్వడమన్నదే లేదు. ఒక్కొక్కరికీ తన పాత గుర్తు కొట్టేసి కొత్తది పెడుతుంటే, ప్రతి వీడియోలోనూ ఆ గొంతే.

బట్టీ సంగతి ఇంజినీరమ్మాయి ప్రత్యేకంగా అడిగి తెలుసుకుంది. పిండి పిసికేటప్పుడు చేయి అప్పటికే అడ్డంగా ఉంటుంది, డయలు అప్పటికే పైకి చూస్తూ ఉంటుంది. కిందినుంచి పైకి వచ్చిన తేడా కోసం వెతికే వాచీకి అక్కడ తేడాయే కనిపించదు. కానీ పిసకడం ఆగుతుంది, మణికట్టు కాస్త మొహం వైపు వంగుతుంది, పావు సెకను నిలకడగా ఉంటుంది. అది చాలు అని తేల్చింది. కింద మొదలవ్వాలన్న నియమం తీసేసింది. నెమ్మదిగా ఎత్తేవాళ్ళకి గడువు పెంచింది. ఈసారి నేర్పిన చేతుల్లో ఒక్కటి కూడా పరీక్షలోకి రానివ్వలేదు. మాస్టారి రికార్డింగులు పదిహేను వేలుంటే మిగతా మనుషులతో సమానంగా యాభై ఉంచి, మిగిలినవి పక్కన పడేయమని మాస్టారే చెప్పాడు. అనవసరంగా వెలగడం మూడు నుంచి తొమ్మిదికి పెరిగింది. బ్యాటరీ గంటన్నర ముందే అయిపోతోంది. పైవాళ్ళు గొణిగారు. ఇంజినీరమ్మాయి తగ్గలేదు. కాగితం మీద బొమ్మలు కూడా తీసేయించింది.

కొత్త మార్పు వాచీలోకి ఎక్కిన సాయంత్రం మాస్టారు పరుగులాంటి నడకతో బట్టీకి వెళ్ళాడు. ఆవిడ ఇప్పుడు వెనకగదిలో లేదు. చేయి మానింది గానీ, మోచేతి దగ్గర చర్మం బిగుసుకుపోయింది, పొయ్యి తలుపు తెరుచుకుంటే ఒళ్ళు ఝల్లుమంటోందట. యజమాని మంచివాడే, మానిపించలేదు, ముందు కొట్లో కూర్చోబెట్టాడు. రొట్టెలు కాగితంలో చుట్టి ఇచ్చే పని. ఎదురుగా గోడ మీద చక్రమంత గడియారం ఉంటుంది. వెనకగదిలో కొత్తగా వచ్చినావిడ ఒక్కోరోజు రొట్టెలు మాడుస్తుంది. వాసన రాగానే మాస్టారి భార్య కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చుంటుంది.

మాస్టారు కొట్టు కౌంటరు మీదే వాచీని ఫోనుకి కలిపి, కొత్త మార్పు ఎక్కించి, మచ్చలేని మణికట్టుకి కట్టాడు. ఇక చేయి దించక్కర్లేదు, ఎత్తక్కర్లేదు, నీకు ఎలా అలవాటో అలా చూడు, ఒక తిప్పు చాలు అని చెప్పాడు. నీ యాభై రికార్డింగులూ అందులో ఉన్నాయని కూడా చెప్పాడు. రెండేళ్ళ కిందట వాటికి తను ఏం గుర్తు పెట్టాడో కూడా చెప్పేశాడు.

ఆవిడ తల ఊపింది. “ఇప్పుడు టైమెంతో చూడు” అన్నాడు.

ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. అటూ ఇటూ చూసి, ఏదీ తగలకుండా ఒక అడుగు వెనక్కి జరిగింది. చేయి పూర్తిగా కిందకి దించింది. చురుగ్గా ఎత్తింది. తిప్పింది. ఛాతీ ముందు ఆపింది. కాగితం మీది బొమ్మలో ఉన్నట్టే, అచ్చం. స్క్రీను వెలిగింది.

“అలా కాదే” అన్నాడు మాస్టారు. అనగానే ఆ రెండు మాటలూ ఆయనకే వినిపించాయి.

ఆవిడ కంగారు పడింది. వాచీ వంక కాదు, ఆయన మొహం వంక చూసింది.

“మళ్ళీ ఎత్తనాండీ?” అంది.